రెండొందల మంది భోజనానికి ఎంత వండాలి? కిలోల నుంచి కాదు, ఆకు మీద నుంచి లెక్క

వైశాఖంలో మా అక్కావాళ్ళు విశాఖపట్నం మధురవాడలో కొన్న ఫ్లాట్‌కి గృహప్రవేశం పెట్టుకున్నారు, కింద పార్కింగ్‌లో షామియానా వేసి బల్లలు పరిచి అరిటాకుల్లో భోజనాలు అనుకున్నాం, రెండొందల మంది లెక్క. కేటరింగ్‌కి ఇవ్వకుండా సామాన్లు మేమే తెచ్చి మేస్త్రీతో వండించుకుందాం అన్నాం, ఆయన వచ్చి ఓ అరగంట కూర్చుని కాగితం మీద లిస్టు రాసిచ్చి వెళ్ళాడు. బియ్యం 35 కిలోలు, కందిపప్పు 10, శనగపప్పు 7, బెల్లం 7, బెండకాయలు 20, పెరుగు 35 లీటర్లు... ఇలా రెండు పేజీలు. అక్క ఆ కాగితం నాకిచ్చి "ఇది గృహప్రవేశానికా పెళ్ళికా, నువ్వే చూడు" అంది. ఎందుకంటే అంతకు రెండేళ్ళ ముందు మా ఇంట్లో ఒడుగుకి ఇలాంటి లిస్టే తు.చ. తప్పకుండా తెచ్చి, సాయంత్రం అన్నం గుండిగల కొద్దీ మిగిలిపోయి, బూరెలు మాత్రం మూడో బంతికే అయిపోయి పరువు పోగొట్టుకున్నదాన్ని నేనే కాబట్టి.

రెండూ ఒకే రోజు ఎలా జరుగుతాయి అని చాలా రోజులు ఆలోచించాను. అన్నం అంత మిగిలిందంటే లిస్టు ఎక్కువ రాసినట్టు, బూరెలు చాలలేదంటే తక్కువ రాసినట్టు, మరి ఒకే మనిషి రాసిన లిస్టు కదా. తర్వాత అర్థమైందేంటంటే మేస్త్రీ లెక్కలో తప్పు లేదు, కానీ ఆయన ఒక్కో ఐటమ్‌ని విడివిడిగా లెక్కేస్తాడు. అన్నానికి మనిషికి ఇంత, పప్పుకి ఇంత, సాంబారుకి ఇంత, అలా ప్రతిదానికీ "అదొక్కటే ఉంటే ఎంత తింటారు" అన్న అంచనా, దాని మీద మళ్ళీ ఎందుకైనా మంచిదని కొంచెం. ఐటమ్స్ పది ఉంటే పది చోట్లా ఆ కొంచెం పడుతుంది. తినేవాడి కడుపు మాత్రం ఒక్కటే.

పైగా ఆయన భయం ఆయనది. నేను అడిగితే మొహమాటం లేకుండా చెప్పాడు కూడా, "తక్కువైతే నా మీదకే వత్తాదమ్మా, ఎక్కువైతే ఎవరూ ఏటీ అనరు" అని. నిజమే కదా, మిగిలిన దాని ఖర్చు మనది, చాలకపోతే మాట ఆయనది.

అందుకని ఈసారి కిలోలు పక్కన పెట్టి ఒక ఆకు నుంచి మొదలుపెట్టాను. ఒక మనిషి ఆకు ముందు కూర్చుంటే పులిహోర నుంచి పెరుగన్నం దాకా అన్నీ కలిపి, వండిన బరువు, ఎంత తింటాడు? మా ఇంట్లో పండగ రోజు ఇద్దరు ముగ్గురికి వడ్డించి వంటింటి తూకం మీద చూశాను (మా ఆయన నవ్వారు, నవ్వనీండి). బాగా తినేవాళ్ళూ మామూలుగా తినేవాళ్ళూ కలిపి సగటున 800 గ్రాముల దగ్గర ఆగింది. సాంబారు, పెరుగు లాంటి నీళ్ళ వస్తువులు కూడా అందులోనే. ఐటమ్స్ ఐదు పెట్టినా పన్నెండు పెట్టినా ఆ 800 పెద్దగా మారదు, ఐటమ్స్ పెరిగినప్పుడు ఒక్కోదాని వాటా తగ్గుతుంది అంతే. మేస్త్రీ లిస్టులో లేనిది ఈ ఒక్క సంగతే.

మా మెనూ ఇది: పులిహోర, బూరె, మామిడికాయ పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెండకాయ వేపుడు, దోసకాయ పచ్చడి, అన్నం, సాంబారు, పెరుగు, అప్పడం. దీన్ని ఆకు మీద పంచితే పులిహోర ఓ 90 గ్రాములు, బూరెలు ఒకటిన్నర, అంటే 70 పైన, పప్పు 80, పనసపొట్టు 60 లోపు, వేపుడు 35, పచ్చడి 15, సాంబారు 110, పెరుగు 100. ఇవన్నీ తీసేస్తే తెల్లన్నానికి మిగిలేది 240, 250 గ్రాములు. అంటే వండిన అన్నం అంతే. మేస్త్రీ 150 గ్రాముల బియ్యం చొప్పున రాశాడు, అది వండితే 400 గ్రాములు దాటుతుంది, ఇంట్లో ఒక కూరా చారుతో తినే మగాడి లెక్క అది. పులిహోరా బూరే తిన్నాక ఎవరూ అంత తినరు.

ఇక ఇక్కడ బియ్యానికీ అన్నానికీ మధ్య లెక్క చూడాలి. సోనామసూరి కిలో వండితే రెండున్నర నుంచి మూడు కిలోల దాకా అన్నం అవుతుంది, ఆ తేడా చాలావరకు బియ్యం పాతవా కొత్తవా అన్న దాంట్లో ఉంటుంది. పాత బియ్యం నీళ్ళు ఎక్కువ తాగుతాయి, మెతుకు పొడుగై విడివిడిగా ఒదుగుతుంది. కొత్తవి తక్కువ నీళ్ళతోనే మెత్తబడి ముద్దైపోతాయి, ఒదగవు. రెండొందల మందికి వండేటప్పుడు ఈ తేడానే మూడు కిలోల బియ్యం దాకా వస్తుంది. అందుకే బస్తా కొనే ముందు కొట్టువాడి దగ్గర పావుకిలో తెచ్చుకుని వండి, వండాక తూకం వేయండి, అరగంట పని. మాకు వచ్చింది 2.7 రెట్లు. అంటే మనిషికి 245 గ్రాముల అన్నానికి 90 గ్రాముల బియ్యం. పులిహోరకి వేరేగా 30.

తర్వాతది తలల లెక్క, అసలు గొడవంతా ఇక్కడే. "రెండొందల మంది" అనేది పిలుపుల లెక్కా, తినేవాళ్ళ లెక్కా? అక్కా బావా కలిసి ఫోన్లు చేసి వస్తామన్నవాళ్ళని రాస్తే 188 తేలారు. అందులో 160 మంది పెద్దవాళ్ళు, 28 మంది పదేళ్ళలోపు పిల్లలు. చంకలో పిల్లల్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. పిల్లలు సగం తింటారు అనుకుంటే 14 ఆకులు, పెద్దవాళ్ళతో కలిపి 174. ఇక అందరూ మర్చిపోయేది పనివాళ్ళని. వంటవాళ్ళు, వడ్డనవాళ్ళు, షామియానా కుర్రాళ్ళు, అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ కుటుంబం, కార్ల డ్రైవర్లు, వీళ్ళు మాకు 16 మంది అయ్యారు, పొద్దున్నించీ నిలబడి పనిచేసినవాళ్ళు కాబట్టి బాగా తింటారు, తినాలి కూడా. మొత్తం 190 ఆకులు. మనుషులు మాత్రం 204 మంది. ఈ రెండు నంబర్లూ వేరువేరుగా గుర్తుపెట్టుకోండి, ఎందుకో బూరెల దగ్గర చెప్తాను.

వస్తామని రానివాళ్ళుంటారు, చెప్పకుండా వచ్చేవాళ్ళుంటారు. మా వైపు ఇంటి ఫంక్షన్లలో ఈ రెండూ ఇంచుమించు సరిపోతాయి, అందుకని దానికి వేరే లెక్క వేయలేదు. కార్డులిచ్చిన పెళ్ళయితే అలా కుదరదు, అది వేరే కథ.

190ని 90తో గుణిస్తే 17 కిలోల బియ్యం. పులిహోరకి 190ని 30తో, ఆరు కిలోలకి కొంచెం తక్కువ. రెండూ కలిపి 23. ఇప్పుడు బియ్యం 26 కిలోల బస్తాలు వస్తున్నాయి కదా, సరిగ్గా ఒక్క బస్తా, మూడు కిలోలు చేతిలో ఎక్స్‌ట్రా. మేస్త్రీ 35 అన్నచోట 26. ఆయన ముఖం చూడాలి ఆ రోజు.

నేను ఆయనతో వాదించలేదు, ఒకటే చెప్పాను. 26 తెస్తాను, కానీ పొద్దున్నే మొత్తం వండొద్దు అని. దీని వెనక ఇంకో విషయం ఉంది. భోజనంలో ఐటమ్స్ రెండు రకాలు. మధ్యలో పెంచుకోగలిగినవి కొన్ని, అన్నం, సాంబారు, పెరుగు, అప్పడాలు. అన్నం గంటలోపు ఇంకో విడత దిగుతుంది, సాంబారుకి ఉడికిన పప్పూ చింతపండు పులుసూ ఉంటే పావుగంటలో పెంచొచ్చు, పెరుగు పక్క వీధిలో దొరుకుతుంది. మధ్యలో పెంచలేనివి ఇంకొన్ని, బూరెలు, పనసపొట్టు, వేపుడు, పులిహోర. వీటికి పప్పు నానాలి, పూర్ణం ఉడకాలి, కూరగాయ తరగాలి, ఎంత మంది చేతులు వేసినా బంతి నడుస్తుండగా అవ్వవు. మా ఒడుగులో ఎందుకు అలా జరిగిందో ఇప్పుడు చెప్తాను. మేస్త్రీ ఎందుకైనా మంచిదని వేసిన ఎక్కువంతా అన్నంలో, సాంబారులో ఉంది, అంటే మధ్యలో ఎలాగూ పెంచుకోగలిగిన వాటిలో. బూరెలు మాత్రం మనిషికి రెండు అని కచ్చితంగా 400, ఒక్కటీ ఎక్కువ లేదు. తిరగేసి ఉండాల్సింది.

అయితే బూరెల్ని ఊరికే పెంచడం కూడా జవాబు కాదు, అవి ఎటు పోయాయో చూడాలి ముందు. ఆ రోజు వడ్డనవాళ్ళు కూర్చోగానే ప్రతి ఆకులో రెండేసి వేసుకుంటూ పోయారు. ఐదేళ్ళ పిల్ల ఆకులోనూ రెండే, షుగర్ ఉన్న తాతగారి ఆకులోనూ రెండే. ఆకులు ఎత్తేటప్పుడు కొరికి వదిలేసినవీ ముట్టుకోనివీ కనపడుతూనే ఉన్నాయి, నాకే అప్పుడు బుర్రకెక్కలేదు. దానికి తోడు వంటశాల దగ్గర వేడివేడిగా దిగుతుంటే రుచి చూసినవి, మా పెద్దత్తయ్యగారు ఎవరికో డబ్బాలో సర్దినవి. 400 ఎంతసేపు ఉంటాయి?

ఈసారి ముందు ఒకటి వేయమన్నాను, నెయ్యి వేసేటప్పుడు రెండో విడత "ఇంకొకటి వేయమంటారా" అని అడిగి వేయమన్నాను. అడిగి వేస్తే సగం మందికి పైగా రెండోది తీసుకుంటారు, కొందరు వద్దంటారు, ఆకులో పారేసేది చాలా తగ్గుతుంది. ఇక్కడ 190 ఆకుల లెక్క పనికిరాదు, ఎందుకంటే పిల్లాడు అన్నం సగం తింటాడు గానీ బూరె ఒకటి పూర్తిగా అడుగుతాడు, కాబట్టి తీపికి ఎప్పుడూ తలలే లెక్క, 204. మనిషికి 1.6 చొప్పున 326. నైవేద్యానికీ, వంటశాల రుచులకీ, తప్పనిసరి డబ్బాలకీ కలిపి ఇంకో 40 (డబ్బాలు ఆపలేం, లెక్కలో పెట్టేసుకోవడమే). మొత్తం 370.

దానికి పప్పు ఎంత? కిలో శనగపప్పు ఉడికితే రెండు కిలోలు దాటుతుంది, కిలో బెల్లంతో కలిపి దగ్గరికి ఉడికించి నీరంతా పోయాక పూర్ణం 2.8 కిలోల దగ్గర ఉంటుంది. ఉండ 30 గ్రాములు కడితే కిలో పప్పుకి 90 పైచిలుకు బూరెలు. అంటే 370కి నాలుగు కిలోల శనగపప్పు, నాలుగు కిలోల బెల్లం. మేస్త్రీ ఏడు రాశాడు కదా, ఎందుకంటే ఆయన కట్టే ఉండ నిమ్మకాయంత ఉంటుంది, 50 గ్రాములు తూగింది. అంత పెద్ద బూరె ఒకటి తిన్నవాడు రెండోది తినడు, కొంతమంది ఒకటే సగం వదిలేస్తారు. అందుకే ముందురోజు రాత్రి పూర్ణం ఉండలు కట్టేటప్పుడు మొదటి పది తూకం వేసి, ఆ సైజు ఒకటి పళ్ళెంలో శాంపిల్‌గా పెట్టి ఉండలు కట్టేవాళ్ళ ముందు ఉంచాను. మా పిన్ని "దీనికి కూడా కొలతేంటే" అంది గానీ చివరికి 368 ఉండలు వచ్చాయి, రెండు తేడా!

కూరలు కొనేటప్పుడు చూడాల్సింది కాయ బరువుకీ ఆకు మీద పడే బరువుకీ మధ్య ఎంత పోతుంది అని. బెండకాయ మరీ మోసం. తొడిమా చివరా కోస్తే పదో వంతు పోతుంది, వేగేసరికి నీరంతా పోయి సగానికి దిగుతుంది. అంటే కిలో కాయ తెస్తే వేపుడు 450 గ్రాములు. ఆకుకి 35 గ్రాముల చొప్పున 190 ఆకులకి ఆరున్నర కిలోల పైన వేపుడు కావాలి, ఉత్త బెండకాయతోనే అయితే 15 కిలోలు తేవాలి. మేం వేయించిన పల్లీలూ జీడిపప్పూ కొబ్బరి కారం అన్నీ కలిపి కిలోన్నర వేశాం, కాబట్టి 12 కిలోలు సరిపోయాయి. అదే వేపుడు బదులు దొండకాయ కూరో వంకాయ కూరో అయితే ఈ లెక్కంతా మారిపోతుంది, కూరలో నీరు అంత పోదు, ఉల్లీ మసాలా ముద్దా కలిసి బరువు పెరుగుతుంది కూడా. "200 మందికి ఏ కూరగాయైనా ఇన్ని కిలోలు" అని ఒకే నంబర్ చెప్పేవాళ్ళని నమ్మొద్దు.

పనసపొట్టుకి ఇంకో తిరకాసు. మార్కెట్లో కాయ తూచి, తర్వాత కొట్టి పొట్టు చేసి ఇస్తారు కొందరు, చెక్కూ మధ్య బొడ్డూ పోగా దాదాపు సగమే మిగులుతుంది. కొందరు కొట్టిన పొట్టే తూచి అమ్ముతారు. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళేముందే మీక్కావలసింది పొట్టు బరువా కాయ బరువా తేల్చుకోండి. మాకు పొట్టు 11 కిలోలు పట్టింది. ఉడికించి పిండాక దాదాపు అంతే బరువు ఉంటుంది, పోపూ ఆవా నూనే దాని మీద. ఆవ పెట్టిన కూర ఎవరూ గరిటలు గరిటలు తినరు, ఇష్టమున్నవాళ్ళు రెండుసార్లు వేయించుకుంటారు, కొత్తవాళ్ళు ఘాటుకి దండం పెడతారు, సగటున అదే సరిపోతుంది.

కందిపప్పు రెండు చోట్ల. మామిడికాయ పప్పుకి ఆకుకి 22 గ్రాముల చొప్పున నాలుగు కిలోల పైచిలుకు, ఉడికి నీళ్ళూ మామిడికాయా కలిశాక 15, 16 కిలోలు అవుతుంది. సాంబారుకి కిలో పప్పుతో పది పదకొండు లీటర్లు చిక్కగానే వస్తుంది, మాకు కావలసింది 21 లీటర్లు కాబట్టి రెండు కిలోలు. మొత్తం ఆరున్నర తెచ్చాం. నెయ్యి ఆకుకి చెంచాడు చొప్పున కిలోకి కొంచెం పైన. పచ్చడి, అప్పడాల దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు, అప్పడాలు మాత్రం మనిషికి ఒకటింబావు వేసుకోండి, విరిగిపోయేవి ఉంటాయి.

పెరుగు మాత్రం ఎండాకాలానికి వేరే. మామూలు రోజుల్లో 100 గ్రాములు చాలు, 190 ఆకులకి 19, 20 లీటర్లు. వైశాఖంలో, అందులోనూ విశాఖపట్నం ఉక్కపోతలో, జనం సాంబారన్నం తగ్గించి పెరుగన్నం రెండోసారి అడుగుతారు, చివర్లో మజ్జిగ తాగుతారు. 25 లీటర్లు చెప్పాం, ఐదు లీటర్లు రెండో విడతగా పదకొండింటికి తెమ్మన్నాం, పొద్దున్నే మొత్తం తెచ్చి పెడితే షామియానా కింద మధ్యాహ్నానికి పులిసిపోతుంది. మంచినీళ్ళు 20 లీటర్ల టిన్నులు తొమ్మిది పట్టాయి, చేతులు కడుక్కోవడానికి కాకుండా.

ఇంకో చిన్న విషయం, కానీ నాకు చాలా పనికొచ్చింది. గరిటెలు. ముందురోజు వంటపాత్రలు అద్దెకి వచ్చినప్పుడు వడ్డన గరిటెల్లో నీళ్ళు పోసి కొలిచాను. పప్పు గరిటె 120 మిల్లీలీటర్లు పట్టింది. మనం ఆకుకి 80 అనుకున్నాం, వడ్డించే కుర్రాడు నిండుగా ఒక గరిటె వేస్తే అక్కడే సగం లెక్క ఎక్కువ, అడిగినవాడికి మళ్ళీ వేస్తే మూడు రెట్లు. దాన్ని సాంబారుకి మార్చి, పప్పుకి చిన్న గరిటె ఇచ్చాను. తక్కువ పెట్టాలని కాదు, కావలసినవాళ్ళకి మూడుసార్లైనా వేస్తారు, ఆకులో మిగిలేది తగ్గుతుంది.

బఫే అయితే ఈ గరిటె మన చేతిలో ఉండదు. మనిషి ప్లేటు పట్టుకుని లైన్లో వస్తూ మొదట కనపడ్డవి ఎక్కువ పెట్టేసుకుంటాడు, అన్నం దగ్గరికొచ్చేసరికి ప్లేటులో చోటుండదు. కాబట్టి బఫేకి తీపి, పులిహోర, వేపుడు ఓ ఇరవై శాతం పెంచి, అన్నం తగ్గించుకుంటాను నేను. రాత్రి భోజనమైతే అన్నం ఇంకా తగ్గుతుంది.

ఇక ఆ రోజు ఎలా నడిచిందో చెప్తాను, అంచనా సరైనదో కాదో తెలిసేది అప్పుడే కదా. బంతికి 50 మందికి పైగా కూర్చునేలా బల్లలు. పొద్దున పులిహోర అయ్యాక తెల్లన్నానికి 14 కిలోలే ఎసట్లో పోయించాను, ఏడేసి కిలోలు రెండు గుండిగలు. మిగతా ఆరు కిలోలు కడగకుండా బస్తాలోనే, పక్క పొయ్యి మీద ఎసరు మాత్రం మరుగుతూ ఉంచమన్నాను. మేస్త్రీకి నచ్చలేదు, కానీ ఎసరు మరుగుతుంటే బియ్యం పోశాక ఎంతసేపట్లో దిగుతుందో ఆయనకే బాగా తెలుసు కాబట్టి ఊరుకున్నాడు.

మొదటి బంతి 50 మంది, అందరూ పెద్దవాళ్ళే, ఎక్కువమంది మగవాళ్ళు. లేచాక నేను వెళ్ళి గుండిగ చూశాను. గుండిగ లోపల అన్నం ఎంత ఎత్తుందో ముందే ఒక శుభ్రమైన పుల్లతో చూసుకుని గీత పెట్టుకున్నాను, ఏడు కిలోల బియ్యానికి ఆ ఎత్తు. ఇప్పుడు మూడో వంతు కంటే కొంచెం తక్కువ ఉంది, అంటే ఐదు కిలోల బియ్యం అన్నం ఖర్చయింది. యాభై మందికి ఐదు కిలోలు, మనిషికి 100 గ్రాములు. నేననుకున్నది 90. ఇక్కడ కంగారుపడి మొత్తం వండించేయకూడదు, ఇది అందరూ పెద్దవాళ్ళున్న బంతి, తర్వాతి వాటిలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. అలాగని ఊరుకోనూ కూడదు. మొత్తం ఇదే లెక్కన పోతే 190 ఆకులకి 19 కిలోలు, నా అంచనా 17, మధ్యలో 18 అనుకుని అప్పుడే నాలుగు కిలోలు పోయమన్నాను. ఈ నిర్ణయం మొదటి బంతి అయిపోగానే తీసుకోవాలి. బంతికి అరగంట చొప్పున రెండో బంతి నడిచేలోపు, మూడోది కూర్చునేలోపు అన్నం దిగాలి. మూడో బంతిలో చూసుకుని అయ్యో అంటే అన్నం వచ్చేసరికి జనం ఆకుల ముందు కూర్చుని ఎదురు చూస్తుంటారు.

రెండో బంతి 54 మందికి నాలుగున్నర కిలోలు. మూడోది కూడా 54 మందే, పిల్లలు ఎక్కువ, నాలుగు కిలోలే పట్టాయి. ఆఖరి బంతిలో ఇంటివాళ్ళం, పనివాళ్ళు, 46 మంది, నాలుగు కిలోల పైచిలుకు. మొత్తం 17.7. గుండిగ అడుగున ఓ నలుగురికి సరిపడా అన్నం మిగిలింది. బియ్యం రెండు కిలోలు బస్తాలో అలాగే ఉన్నాయి, అక్క వంటింటి డబ్బాలోకి పోయాయి.

బూరెలు మొదటి బంతిలో 50 మందికి 84 వెళ్ళాయి, 1.7 అన్నమాట. రెండో బంతికి తగ్గాయి. నాలుగో బంతి లేచాక 22 మిగిలితే మేస్త్రీ వాళ్ళకీ వడ్డన కుర్రాళ్ళకీ ఇంటికి కట్టిచ్చాం. వేపుడు మాత్రం మూడో బంతి చివర్లో గిన్నె అడుగు కనపడింది. పిల్లలు కూర ముట్టుకోకుండా వేపుడే అడిగారు, నేను వాళ్ళకి సగం లెక్క వేశాను, అక్కడ తప్పాను. వేపుడుకి కూడా తీపి లాగే తలలు లెక్కపెట్టాలి, 204 చొప్పున వేసుంటే ఇంకో కిలో బెండకాయలు పడేవి. ఆఖరి బంతిలో ఇంటివాళ్ళం కాబట్టి మాకు వేయొద్దని కళ్ళతోనే చెప్పాను, ఉన్నది పనివాళ్ళకి సరిపోయింది.

పనసపొట్టు రెండు కిలోల దాకా మిగిలింది, పప్పు ఓ చిన్న గిన్నెడు. సాంబారు మూడు లీటర్లు. మిగిలినవి ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఆ ఉక్కలో సాయంత్రం దాకా ఆగకండి. వండిన అన్నం, పప్పు వేడి తగ్గి గోరువెచ్చగా రెండు గంటలకు మించి ఉంటే, వాసన రాకపోయినా తినడం మంచిది కాదు, పైకి బాగానే ఉంటాయి లోపల క్రిములు పెరుగుతుంటాయి, సాంబారు సంగతైతే నురగ కట్టేదాకా తెలియదు. మేం రెండున్నరకి ఆఖరి బంతి లేవగానే, వేడిగా ఉండగానే మూత పెట్టి పక్కన కడుతున్న బిల్డింగ్ కూలీలకి పంపేశాం. పులిహోర ఒక్కటే చింతపండూ నూనే ఉంటాయి కాబట్టి రాత్రికి ఉంచుకున్నాం, మిగిలింది కూడా ఓ ఐదారుగురికే.

సామాన్ల లిస్టు వెనకాలే ఈ నంబర్లన్నీ రాసి, వేపుడు దగ్గర గీత గీసి "పిల్లలు = మొత్తం" అని పెట్టాను. అక్టోబర్‌లో మా చిన్నాన్నగారి షష్టిపూర్తి ఉంది, అదే మేస్త్రీ. మొన్న ఫోన్ చేసి "అమ్మా, ఈసారి లిస్టు నువ్వే రాసీ, నాన్చూస్తాను" అన్నాడు.